నలభై పేర్లు, ఒకే చేతిరాత



మదీనత్ అల్ షమాల్‌లోనూ, పక్కనే ఉన్న అల్ రువైస్‌లోనూ పనిచేసుకుంటున్న మన తెలుగువాళ్లకి దోహా వంద కిలోమీటర్ల పైమాటే. ఇంటికి పెట్టె పంపించాలన్నా, టికెట్టు బుక్ చేయించాలన్నా, ఊళ్లో ఉన్న తమ్ముడికి వీసా సంగతి కనుక్కోవాలన్నా దుకాణం గడప తొక్కి, ఎదురుగా కూర్చుని మాట్లాడే వీలు తక్కువ. వారానికి దొరికేది ఒక్క శుక్రవారం. బట్టలు ఉతుక్కోవడానికీ ఇంటికి ఫోన్ చేసుకోవడానికీ అది సరిపోతుంది. అందుకని ఎవరిని నమ్మాలో ఫోన్‌లోనే తేల్చుకుంటాం. కింద ఎన్ని లైకులున్నాయి, ఎన్ని చుక్కలిచ్చారు, నలుగురూ ఏమని రాశారు అని చూస్తాం. ఆ నలుగురూ నిజంగా నలుగురేనా, లేక ఒక్కడే నలుగురి పేర్లతో రాశాడా అన్నది ఈ పూట మనం మాట్లాడుకోవలసిన విషయం.

డబ్బిస్తే లైకులు, ఫాలోవర్లు, పొగడ్తలు దొరుకుతాయన్నది చాలామంది వినే ఉంటారు. కానీ అవి ఎలా తయారవుతాయో తెలిస్తే వాటిని పట్టుకోవడం సులువు. దుకాణదారు ఒకడికి ఆర్డరిస్తాడు: నాకు నలభై మంచి మాటలు కావాలి అని. ఆ ఆర్డరు తీసుకున్నవాడు ఐదారు వాక్యాలు రాసుకుని, తన దగ్గరున్న ఖాతాలకో, చేతికింద పనిచేసేవాళ్లకో పంచుతాడు. వాళ్లు పనిని ఒక్క ఊపులో పూర్తిచేస్తారు. ఎందుకంటే వాళ్ల కూలి పని అయిపోతేనే వస్తుంది. ఇక వాళ్లలో ఎవరూ ఆ దుకాణం మొహం చూసినవాళ్లు కారు. మాటలు ఒక్కలాగే ఉండటం, సమయం అసహజంగా ఉండటం, పొగడ్తలో పస లేకపోవడం అనే మూడు గుర్తులూ ఈ తయారీ పద్ధతిలోంచే పుడతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది నేను అల్లినదే, దీని వెనక ఏ సంస్థా లేదు. ఒక కార్గో పేజీ. ఖతార్ నుంచి తెలంగాణ, ఆంధ్ర ఊళ్లకి డోర్ టు డోర్ అని ప్రకటన. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు పెట్టెలో సర్దుతున్న వీడియో. కింద వేలల్లో లైకులు, నలభై కామెంట్లు. మొదటిది ఇలా ఉంది: "చాలా మంచి సర్వీస్, టైమ్‌కి డెలివరీ, స్టాఫ్ చాలా ఫ్రెండ్లీ, అందరికీ రికమెండ్ చేస్తున్నా." నాలుగో కామెంటు: "టైమ్‌కి డెలివరీ, స్టాఫ్ చాలా ఫ్రెండ్లీ, చాలా మంచి సర్వీస్." తొమ్మిదో దానిలో మళ్లీ అవే ముక్కలు, వరస మారింది. పేకముక్కలు కలిపి మళ్లీ పంచినట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "సూపర్ అన్నా", "గుడ్ సర్వీస్" లాంటి చిన్న మాటలు పదిమంది రాసినంత మాత్రాన అనుమానించకూడదు. మనవాళ్లలో రాయడం పెద్దగా అలవాటు లేనివాళ్లు చాలామంది. కౌంటర్ దగ్గర కుర్రాడు "అన్నా, ఒక రివ్యూ పెట్టవా" అంటే అక్కడే నిలబడి రెండు ముక్కలు కొడతారు. అవి పేలవంగా ఉన్నా నిజమైనవే. పట్టించేది పొడవాటి పోలిక. ఆరేడు మాటలు అదే వరసలో ఇద్దరు ముగ్గురి దగ్గర కనబడితే అది యాదృచ్ఛికం కాదు. తప్పులు ఇంకా గట్టి గుర్తు. మాట రాయడంలో జరిగిన ఒకే పొరపాటు, ఒకేచోట పడిన రెండు కామాలు, ఒకేలాంటి బొమ్మ గుర్తులు అదే వరసలో నలుగురి దగ్గరా ఉంటే, ఆ నలుగురూ ఒకే కాగితం చూసి దించారు. బడిలో కాపీ కొట్టిన పిల్లల్ని మాస్టారు పట్టుకునేది ఒప్పు జవాబులతో కాదు కదా, తప్పు జవాబులతోనే.

తెలుగులో రాసిన కామెంట్లకి మాత్రమే పనికొచ్చే గుర్తు ఇంకొకటుంది. మన పేజీలో పన్నెండో కామెంటు ఇది: "అద్భుతమైన అనుభవం. వారి బృందం చాలా వృత్తిపరమైనది. నేను వారిని అత్యంత సిఫార్సు చేస్తాను." జగిత్యాల మనిషైనా, భీమవరం మనిషైనా, కడప మనిషైనా ఇలా మాట్లాడగా మీరు విన్నారా? మనం "పని బాగా చేస్తారు, నమ్మొచ్చు" అంటాం. "మా పెట్టె మంచిగనే వచ్చింది" అంటాం. ఎక్కడో ఇంగ్లీషులో రాసిన వాక్యాన్ని మెషీన్‌లో వేసి తెలుగు చేస్తే వచ్చే భాష అది. చెవికి ఎబ్బెట్టుగా తగలగానే ఆగండి. మీ చెవి పుట్టినప్పటి నుంచీ తెలుగు విన్న చెవి. అయితే గూగుల్ మ్యాప్స్‌లో ఒక్కోసారి ఇతర భాషల రివ్యూని ఫోనే తెలుగులోకి మార్చి చూపిస్తుంది. అప్పుడు కింద అనువాదం అని ఉంటుంది, నొక్కితే అసలు మాటలు కనబడతాయి. అది చూసుకున్నాకే అనుమానపడండి.

రెండో గుర్తు సమయం. మన కార్గో పేజీకే వద్దాం. ఫేస్‌బుక్‌లో కామెంట్లు మామూలుగా తేదీల వరసలో కనబడవు. పైన చిన్న అక్షరాల్లో ఉండే ఎంపికని నొక్కి All comments పెట్టుకుంటే ఎక్కువ భాగం బయటపడతాయి. గూగుల్ మ్యాప్స్‌లోనైతే Newest పెట్టాలి. అక్కడ తేదీ ఉండదు, "రెండు వారాల క్రితం", "నెల క్రితం" అని మాత్రమే ఉంటుంది. అయినా గుంపు కనబడుతుంది. మన ఉదాహరణలో ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకీ పదింపావుకీ మధ్య ముప్ఫై కామెంట్లు పడ్డాయి. ఆ తర్వాత మూడు వారాలు ఒక్కటీ లేదు. మంగళవారం పొద్దున ఆ వేళకి సైటు మీద ఉన్న మనిషి కార్గో సంస్థని పొగడటానికి ఫోన్ తీయడు. ఒకళ్లో ఇద్దరో తీశారనుకున్నా, ముప్ఫైమంది ఒకేసారి తీయరు.

కానీ గుంపుగా పడినవన్నీ దొంగవని అనుకోవడం కూడా తప్పే. ఇక్కడి జీవితానికి దానిదైన లయ ఉంది. శుక్రవారం మధ్యాహ్నం కామెంట్లు ఎక్కువ పడతాయి, అది సెలవు. జీతాలు పడే రోజుల్లో డబ్బు పంపే ఎక్స్చేంజ్‌ల కింద సందడి ఉంటుంది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎండలో చేసే పనుల్ని పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆపాలని ఇక్కడి నిబంధన. ఆ వేళ ఫోన్లు చేతుల్లోనే ఉంటాయి. రంజాన్ నెలలో ఊరంతా రాత్రి మేలుకుంటుంది, తెల్లవారుజామున రెండింటికి పడిన కామెంటులో వింతేమీ లేదు. అందుకే ముందు ఆ వ్యాపారం కొనేవాళ్లు ఏ రోజు, ఏ వేళ ఖాళీగా ఉంటారో ఆలోచించాలి. ఆ లయకి పొసగని గుంపునే అనుమానించాలి.

కార్గో విషయంలో ఇంకా తిరుగులేని లెక్క ఒకటుంది. పెట్టె ఇక్కడ ఇచ్చిన రోజున ఎవరూ "టైమ్‌కి డెలివరీ" అని రాయలేరు. అది ఇంటికి చేరాలి. ఓడలో వెళ్లే పెట్టెకి వారాలు పడుతుంది. కస్టమ్స్ దాటాలి, లారీ ఎక్కాలి, ఊరికి వెళ్లాలి. ఒక్కొక్కరి పెట్టె ఒక్కో రోజు చేరుతుంది కాబట్టి నిజమైన మాటలు చిందరవందరగా, అక్కడొకటి ఇక్కడొకటి పడతాయి. ఇప్పుడు ఆ పేజీ ఎప్పుడు పుట్టిందో చూడండి. ఫేస్‌బుక్‌లో పేజీ వివరాల్లోకి వెళ్తే Page transparency అని ఒక చోటుంది. పేజీ ఏ తేదీన మొదలైంది, దాని పేరు ఎన్నిసార్లు మారింది, కొన్ని పేజీలకైతే దాన్ని నడిపేవాళ్లు ఏ దేశంలో ఉన్నారు అన్నవి అక్కడ ఉంటాయి. మన ఉదాహరణలో ఆ ముప్ఫై కామెంట్లు పడిన రోజుకి పేజీ పుట్టి పదహారు రోజులే అయింది. సముద్రం మీద వెళ్లిన పెట్టెలు అప్పటికింకా దారిలోనే ఉండాలి. అలాంటప్పుడు ముప్ఫైమంది ఏ డెలివరీని మెచ్చుకున్నట్టు? పాత వ్యాపారం కొత్తగా పేజీ పెట్టుకుని ఉండొచ్చు, అది కూడా జరిగేదే. అలాగైతే దోహాలో ఆ దుకాణం గురించి పాత రివ్యూలు మ్యాప్స్‌లో ఉండాలి, రువైస్ క్యాంపులో ఎవరో ఒకరు దాంట్లో పెట్టె పంపి ఉండాలి. ఇంకో రకం మోసం పేరు మార్పుల దగ్గర బయటపడుతుంది. నిన్నటిదాకా సినిమా హీరో అభిమానుల పేజీగా ఉండి, లక్ష మందిని పోగుచేసుకుని, ఈ వారం కార్గో పేజీగా మారి ఉంటుంది. ఆ లక్ష మందీ హీరో కోసం వచ్చినవాళ్లు, కార్గో కోసం కాదు.

మూడో గుర్తు, పసలేని పొగడ్త. దీని మీద 2011లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైల్ ఆట్, యేజిన్ చోయ్, క్లెయిర్ కార్డీ, జెఫ్ హాన్‌కాక్ కలిసి మంచి పరిశోధన చేశారు. షికాగోలోని 20 హోటళ్లని తీసుకుని, నిజంగా బస చేసినవాళ్ల మెచ్చుకోళ్లు 400, డబ్బిచ్చి రాయించిన దొంగ మెచ్చుకోళ్లు 400 పోగుచేశారు. వాటిని మనుషులకిచ్చి ఏది నిజమో చెప్పమంటే వాళ్ల ఊహ బొమ్మా బొరుసా వేసినదానికంటే పెద్ద మెరుగు కాలేదు. మాటల వాడకాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్ మాత్రం వందకి తొంభై దాకా సరిగ్గా చెప్పింది. అది దేన్ని పట్టుకుందో వింటే మనకీ దారి దొరుకుతుంది. నిజంగా ఉండి వచ్చినవాళ్లు స్థలం గురించి రాశారు: స్నానాల గది, గది చిన్నదిగా ఉండటం, ఏ అంతస్తు, హోటల్ ఎక్కడుంది. అబద్ధం రాసినవాళ్లు ఎవరితో వెళ్లారు, ఎందుకు వెళ్లారు అన్నది ఎక్కువ రాశారు: నా భర్త, సెలవు, వ్యాపారం పని, నేను, నాకు. వెళ్లని చోట గోడలు ఎలా ఉంటాయో తెలియదు కాబట్టి తమ గురించే రాసుకున్నారు.

అది హోటళ్ల మీద, ఇంగ్లీషులో, అంత కాలం క్రితం చేసిన పని. దాన్ని తెచ్చి మన కార్గో పేజీకి అచ్చంగా అతికించలేం. రాసేవాళ్లు కూడా తెలివిమీరారు. అయినా మూలసూత్రం నిలుస్తుంది. పెట్టె పంపినవాడికి పెట్టె కథ తెలుసు. అలాంటివాడు ఇలా రాస్తాడు: "ఆర్మూరు దగ్గర మా ఊరికి నెల మీద నాలుగు రోజులకి వచ్చింది. ఒక మూల నలిగింది గాని లోపల సామాన్లు బాగానే ఉన్నాయి. రువైస్‌కి బండి శుక్రవారమే వస్తుందట, ముందే చెప్పలేదు." ఇందులో ఊరుంది, రోజులున్నాయి, చిన్న ఫిర్యాదు కూడా ఉంది. మెచ్చుకుంటూనే ఫిర్యాదు చేసినవాణ్ణి నేను ఎక్కువ నమ్ముతాను. మూడు చుక్కలు, నాలుగు చుక్కలు ఇచ్చినవాళ్ల మాటలు ముందు చదవండి. దొంగ పొగడ్తకి కూలి తీసుకున్నవాడు మూడు చుక్కలివ్వడు.

ఇంకో సంగతి. ఏ కార్గో పేజీ కిందైనా సహజంగా ప్రశ్నలుండాలి. "కిలోకి ఎంత అన్నా?" "కామారెడ్డి జిల్లాకి పంపిస్తారా?" "నా పెట్టె ఇంకా రాలేదు, ఫోన్ ఎత్తట్లేదు." వేలల్లో లైకులుండి ఒక్క ప్రశ్న లేకపోతే, ఒక్క తిట్టు లేకపోతే, ఆ లైకులు కొన్నవైనా అయ్యుండాలి, ప్రశ్నల్ని తీసేసైనా ఉండాలి. ఫేస్‌బుక్‌లో పేజీ యజమాని కామెంటుని తుడిచేయకుండా దాచేయగలడు. అలా దాచేస్తే రాసినవాడికీ వాడి స్నేహితులకీ అది కనబడుతూనే ఉంటుంది, మిగతా లోకానికి కనబడదు. మీరు ఫిర్యాదు రాస్తే, మీ స్నేహితుల జాబితాలో లేనివాళ్ల ఫోన్‌లో అది కనబడుతోందా లేదా చూడండి. దాచేశారంటే, మీకంటే ముందు ఎందరివి దాచారో ఊహించుకోవచ్చు.

"వెరిఫైడ్ కొనుగోలు" అన్న ముద్రకి కూడా హద్దుంది. అమెరికాలో హి, హోలెన్‌బెక్, ప్రొసెర్పియో అనే ముగ్గురు మార్కెటింగ్ పరిశోధకులు అమెజాన్ అమ్మకందారులు ఫేస్‌బుక్ గుంపుల్లో రివ్యూలు ఎలా కొంటారో పరిశీలించి 2022లో ప్రచురించారు. అక్కడ మనిషి వస్తువుని నిజంగానే కొంటాడు, ఐదు చుక్కలిస్తాడు, ఆ తర్వాత అమ్మకందారు డబ్బు వెనక్కి పంపిస్తాడు. కొనుగోలు నిజమే, మాటే అబద్ధం. అమ్మకందారులు రివ్యూలు కొనడం ఆపేశాక ఆ వస్తువులకి సగటు రేటింగు పడిపోయిందనీ, ఒక్క చుక్క ఇచ్చినవాళ్ల వాటా పెరిగిందనీ వాళ్లు గమనించారు. కాబట్టి ఒక గుంపు పొగడ్తల తర్వాత తిట్లు వరసగా వస్తుంటే, ఆ తిట్లే అసలు కొనుగోలుదారుల గొంతు.

ఇప్పుడు మనవాళ్లని నేరుగా తాకిన సంగతి చెప్పాలి. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు ఒక పెద్ద మోసాన్ని బయటపెట్టారు. రేటింగులిచ్చే పార్ట్‌టైమ్ పని అని టెలిగ్రామ్‌లో మొదలైన మోసం అది. దాని మొత్తం విలువ 712 కోట్ల రూపాయలని, దేశంలో కనీసం 15,000 మంది నష్టపోయారని పోలీసులు చెప్పారు, తొమ్మిదిమందిని అరెస్టు చేశారు. దర్యాప్తు మొదలైంది 28 లక్షలు పోగొట్టుకున్న ఒక హైదరాబాదీ ఫిర్యాదుతో. ఆయనకి మొదట ఇచ్చిన పని ఐదు చుక్కలు కొట్టడం. వెయ్యి రూపాయలు పెట్టించి, పని అయ్యాక 866 రూపాయలు లాభం ఇచ్చారు. చేతికి డబ్బు వచ్చింది కాబట్టి నమ్మాడు. ఆ తర్వాత పెట్టించే మొత్తం పెరిగింది, లాభం తెరమీద అంకెల్లో మాత్రమే కనబడింది, తీసుకోబోతే రాలేదు. ఆయన డబ్బు ఖాతాల నుంచి ఖాతాలకి మారి, చివరికి దుబాయ్ దాకా వెళ్లిందని దర్యాప్తులో తేలింది.

ఈ కేసుని ఎందుకు తెచ్చానంటే, ఇలాంటి టెలిగ్రామ్ గుంపుల్లో ఎర కూడా దొంగ పొగడ్తే. గుంపులో వందలమంది ఉన్నట్టుంటుంది. "నాకు ఇవాళ ఐదు వేలు పడ్డాయి, థ్యాంక్యూ మేడమ్" అంటూ బ్యాంకు మెసేజ్ ఫొటోలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మనం చెప్పుకున్న మూడు గుర్తులూ అక్కడా పనిచేస్తాయి. మాటలు ఒక్కలాగే ఉంటాయి. కొత్త మనిషి చేరిన గంటలోనే సంబరాలు మొదలవుతాయి. ఎవరూ ఏ దుకాణానికి, ఏ వస్తువుకి రేటింగ్ ఇచ్చారో చెప్పరు. క్యాంపు గదిలో ఖాళీగా కూర్చున్న కుర్రాడికి, ఊళ్లో అప్పు తీర్చాలన్న ఆత్రంలో, ఇలాంటి మెసేజ్ చాలా తీయగా కనబడుతుంది. పని ఇచ్చేవాడు పనిచేసేవాణ్ణే ముందు డబ్బు కట్టమన్నాడంటే అది పని కాదు. ఇప్పటికే ఇండియా ఖాతా నుంచి కట్టేసి ఉంటే ఇంట్లోవాళ్ల చేత 1930కి వెంటనే ఫోన్ చేయించండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టించండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకేలోపు బ్యాంకుకి తెలిస్తేనే ఆపగలరు కాబట్టి గంటలు కూడా ముఖ్యమే.

మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 పేరుతో ఆన్‌లైన్ రివ్యూలకి ఒక ప్రమాణం తెచ్చింది. రివ్యూ రాసిన మనిషి ఎవరో వెబ్‌సైటు సరిచూడాలని, డబ్బిచ్చి రాయించిన రివ్యూల్ని ప్రచురించకూడదని అందులో ఉంది. కానీ పాటించడం స్వచ్ఛందం. కాబట్టి కాపలా భారం ఇంకా చదివేవాడి మీదే ఉంది.

ఖతార్‌లో ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. దొంగ రివ్యూలని మీకు గట్టిగా అనిపించినా, ఫలానా సంస్థ దొంగ అని పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో రాయకండి. ఇక్కడ 2014లో వచ్చిన సైబర్ నేరాల చట్టం ఉంది, ఆన్‌లైన్‌లో ఇతరుల్ని దూషించడం, పరువు తీయడం దాని కిందికి వస్తాయి. మీ దగ్గర ఉన్నవి గుర్తులే, సాక్ష్యాలు కావు. మీ డబ్బు పోతే రసీదుతో వాణిజ్య పరిశ్రమల మంత్రిత్వశాఖ వినియోగదారుల నంబరు 16001కి చెప్పుకోవచ్చు. మీ డబ్బు పోకుండా అనుమానం మాత్రమే ఉంటే, ఆ కామెంటు మీద ఉన్న రిపోర్ట్ బటన్ నొక్కి ఊరుకోండి, పెట్టె మాత్రం వేరేచోట ఇవ్వండి.

ఎంచుకునే ముందు ఒక చిన్న పని చేయమంటాను. నచ్చిన కామెంటు రాసిన మనిషి పేరు నొక్కండి. గూగుల్‌లో, ఆ మనిషి దాచుకోకపోతే, ఆయన రాసిన మిగతా రివ్యూలు కనబడతాయి. ఒకే వారంలో లండన్ తాళాల షాపుకీ, టెక్సాస్ పళ్ల డాక్టరుకీ, దోహా కార్గోకీ ఐదేసి చుక్కలిచ్చినవాడు ఎక్కడా తిరిగినవాడు కాడు. అలాకాక వక్రా హోటల్‌కి ఒకటి, ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీకి ఒకటి, కరీంనగర్ బట్టల షాపుకి ఒకటి ఉంటే, ఆయన మన మనిషి అయ్యుండొచ్చు. అప్పుడు ఆ కామెంటు కిందే అడగండి: "అన్నా, పెట్టె ఎన్ని రోజులకి చేరింది? ఊళ్లో మళ్లీ ఏమైనా డబ్బులడిగారా?" ఆర్డరు మీద రాసినవాడు బదులివ్వడు, లేదా పేజీవాడే దూకి నంబరిచ్చి వాట్సాప్‌కి రమ్మంటాడు. నిజంగా పంపినవాడు ఒకటి రెండు రోజులకైనా వచ్చి చెబుతాడు.

మీ పెట్టె చేరాక మీరూ రాయండి. బరువెంత, ఎంత తీసుకున్నారు, ఇక్కడ ఏ తేదీన ఇచ్చారు, అక్కడ ఏ తేదీన అందింది, ఏ మండలం, ఏం విరిగింది. షమాల్ నుంచి తీసుకెళ్లడానికి బండి వచ్చిందా, మీరే దోహా మోసుకెళ్లారా. ఇన్ని వివరాలు కల్పించి రాయడానికి కూలి రాతగాడికి గిట్టుబాటు కాదు.